మనుమడి టీకాల కార్డు అరబ్బీలోకి పోయింది

ఈసారి వరి ముచ్చట కాదు. గల్ఫ్‌లో కొడుకో అల్లుడో లేని ఇల్లు మన దిక్కు తక్కువ కాబట్టి, పోయిన నెల మా ఇంట్లో జరిగింది రాస్తున్న.

కోడలు, మనుమడు సౌదీ పోయిన్రు. పిల్లగాణ్ని బడిలో వేయాలంటే టీకాల కార్డు అరబ్బీలో కావాలన్నరు. కార్డు ఇక్కడ బీరువాలనే ఉండిపోయింది. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిన, మావోడు అక్కడ ఒక తర్జుమా ఆఫీసుకు ఇచ్చిండు. రెండు రోజులకు వచ్చిన కాగితం నాకు పంపి "బాపూ, ఒక్కసారి చూడు" అన్నడు. నేను పదకొండేండ్లు ఆ దేశంలో కిరాణా దుకాణంలో చేసిన. మాట్లాడుడు అంతంతే గానీ అక్షరాలు మాత్రం కూడబలుక్కొని చదువుత.

మొదటి తప్పు అక్కడనే కండ్లబడ్డది. మన సబ్‌సెంటర్‌లో తొమ్మిది నెలలు నిండినంక వేసేది ఎంఆర్. తట్టుకు, రుబెల్లాకు. అరబ్బీలో తట్టును హస్బా అంటరు, రుబెల్లాను "జర్మన్ హస్బా" అంటరు. ఈ రెండే ఉండాలి. కాగితంలో మూడోది నుకాఫ్ అని ఉన్నది. నుకాఫ్ అంటే గవదబిళ్లలు. అక్కడి పిల్లలకు వేసేది ఎంఎంఆర్, మూడింటికీ కలిపి. రాసినాయనకు అలవాటైన పేరు చెయ్యికి వచ్చింది, ఒక 'ఎం' ఎక్కువ పడ్డది. గట్లనే పోతే మావోనికి వేయని గవదబిళ్లల టీకా వేసినట్టు రికార్డు అయితది, ఇగ దాన్ని ఎవరూ వేయరు. అందుకే టీకా పేరు కార్డు మీద ఎట్లుంటే అట్లనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, పక్కన అరబ్బీలో రాయమన్న. పెంటావలెంట్‌కు 'ఖుమాసి' అని సరిగ్గనే రాసిండు, అంటే ఐదింటిది. అక్కడ ఆరింటిది కూడా ఉంటది, దాని పేరు సుదాసి. మీ కాగితంలో అది కనబడితే ఆగి చూడండి.

రెండోది తేదీ. పిల్లగాడు పుట్టింది 28-11-2021. మొదటి ఎంఆర్ 07-09-2022 నాడు, అంటే సెప్టెంబర్ 7. కాగితంలో 'యూలియో 9' అని పడ్డది, అంటే జూలై. ఏడు నెలలకే వేసినట్టు లెక్క. తొమ్మిది నెలల లోపు వేసిన తట్టు టీకాను అసలు డోసు కింద లెక్కపెట్టరు, సూది మళ్లీ పడేది. రెండో డోసు 17-05-2023, దాన్ని తప్పు రాయలే. పదిహేడో నెల లేదు గదా! రెండంకెలూ పన్నెండు లోపు ఉంటెనే ఈ తిప్పలు. ప్రతి డోసు కాడ పిల్లగాని వయసు లెక్కగడితే తప్పు దొరుకుతది. నెలను అంకెతో కాకుండ పేరుతో రాయించిన. హిజ్రీ తేదీలోకి మార్చొద్దన్న.

బ్యాచ్ నంబర్ల కాడ ఇంకో కథ. మా ఏఎన్ఎమ్మ రెండింటికే రాసింది. ఒకటి 214-0358. అరబ్బీ మాట పక్కన టైపు చేసేసరికి కంప్యూటర్ దాన్ని కుడి నుంచి పేర్చి 0358-214 చేసింది. టైపు చేసినాయన సరిగ్గనే కొట్టిండు, కాగితం మీద తిరగబడ్డది. అరబ్బీ అంకెల్లోకి మార్చినా కష్టమే. వాళ్ల ఐదు మన సున్నా లెక్క ఉంటది, వాళ్ల సున్నా ఉత్త చుక్క. నంబర్‌ను వేరే గడిలో మన అంకెలతోనే పెట్టించిన.

రెండో నంబర్ నా ఫోటోలోనే ఆగమైంది. కార్డు ప్లాస్టిక్ కవర్‌లో ఉండగనే లైటు కింద తీసిన, మెరుపు పడి చివరిది 8 నో B నో తెలుస్తలేదు. ఆఫీసాయన 8 అని రాసేసిండు. కవర్ తీసి, పొద్దటి వెలుతురులో దగ్గరికి తీసి, ఈసారి వాట్సాప్‌లో డాక్యుమెంట్ లెక్క పంపిన. ఫోటో లెక్క పంపితే అది సైజు తగ్గించి సన్న అక్షరాలను అలికేస్తది. అయినా తేలలే, సిరా చెదిరి ఉన్నది. ఇగ అక్కడ 'గైర్ మక్రూ' అని రాయించిన, అంటే చదవరాలేదని. పక్కింటి పిల్లకు అదే రోజు వేసిన్రు, ఆ కార్డు చూసి నింపుదామన్నది మా ఇంటామె. అదే సీసా అని ఎవలకెరుక? వద్దన్న.

ముద్ర సంగతి చిన్నదే. ఫోటోలోని ముద్రను కోసి తెచ్చి అరబ్బీ కాగితం మీద అతికిచ్చిన్రు. తీసేయించిన. దాని బదులు "గుండ్రటి నీలి ముద్ర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, సంతకం ఉన్నది, పేరు చదవరాలేదు" అని మాటల్లో రాసి, కింద ఆఫీసు తన ముద్ర వేసుకున్నది. అసలు కార్డు ఫోటో వెనక జత చేసిన్రు.

నిన్న మావోడు ఫోన్ చేసిండు. బడివాళ్లు ఆరోగ్య కేంద్రానికి పంపితే, నర్సు ఆ చదవరాని నంబర్ గురించి ఏమీ అడగలేదట. "నుకాఫ్ వేయలేదా?" అని మాత్రం అడిగిందట. వచ్చే ఆదివారం ఎంఎంఆర్ వేస్తరట.