21 మైక్రాన్ల జాగా

డ్రాయింగులో 25 అని రాసి ఉంటే, సరిగ్గా 25 చెయ్యమని కాదు. బాలానగర్‌లో మా లేత్ షాపుకి కొత్తగా వచ్చిన అప్రెంటిస్‌కి ఈ ముక్క అర్థం కావడానికి ఒక బుష్ డ్రాయింగు సరిపోయింది.

"అన్నా, రెండు గుండ్రాలే ఉన్నయ్. లోపల ఎట్లుందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

జామకాయని నిలువుగా కోస్తే గింజలు కనిపిస్తాయి కదా, పక్కనున్న సెక్షన్ బొమ్మ కూడా అంతే. ఏటవాలు గీతలున్న చోట ఇనుము, గీతల్లేని చోట ఖాళీ. రంధ్రం ఒక చివర వెడల్పవుతుందని వాడికి అక్కడే కనిపించింది.

ఇక కొలత: Ø25 H7. అంటే రంధ్రం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల మధ్య ఎంతున్నా ఓకే. మనకిచ్చిన జాగా 21 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే సన్నం. ఇందులో తిరిగే షాఫ్టు g6, అంటే 24.980 నుంచి 24.993. ఆ రెండింటి మధ్య మిగిలే సందులోనే నూనె నిలుస్తుంది.

"మరి 25.010 మీద పెట్టుకో" అన్నాను. "రంధ్రం చిన్నదైతే ఇంకోసారి కొయ్యొచ్చు, పెద్దదైతే స్క్రాపే. ఆఖరి కోతకి ముందు చల్లారనిచ్చి కొలువు. వేడి మీద రంధ్రం పెద్దగా కనిపిస్తది, సరిపోయిందని ఆపేస్తవ్. చల్లారినంక చిన్నగైతది."

చివరికి ప్లగ్ గేజ్ పెట్టి చూశాడు. గో వైపు నున్నగా దూరింది. నో-గో వైపు మూతి దగ్గరే ఆగింది.