గార పళ్ళు తోమకపోవడం వల్ల రావు

మా ఇంట్లో ఇద్దరం పిల్లలం. నా ముందు పళ్ళ మీద సుద్దతో గీసినట్టు అడ్డంగా తెల్లని చారలు, వాటి మధ్య గోధుమ రంగు మచ్చలు ఉన్నాయి. చెల్లి పళ్ళకు అవి లేవు. ఇద్దరం ఒకే పేస్టుతో తోముకుంటాం, ఒకే క్యాను నీళ్ళు తాగుతాం. అయినా కుందలహళ్ళిలో కొత్తగా చూసిన వాళ్ళు నన్నే "పళ్ళు సరిగ్గా తోమవా?" అని అడుగుతారు. మా సొంత ఊరు కనిగిరి వైపు. అక్కడ వీటిని గార పళ్ళు అంటారు. అక్కడ నన్ను ఎవరూ అలా అడగరు, ఎందుకంటే చాలామందికి అవే పళ్ళు.

నేను ఐదేళ్ళు నిండేదాకా మా ఊళ్ళో బోరు నీళ్ళు తాగి పెరిగాను. తర్వాత నాన్న పని కోసం అందరం ఇక్కడికి వచ్చాం. చెల్లి ఇక్కడే పుట్టింది. నాకు పాలపళ్ళు ఊడి కొత్త ముందు పళ్ళు వచ్చింది ఏడో ఏట, అంటే కుందలహళ్ళిలోనే. మరి ఇక్కడ వచ్చిన పళ్ళ మీద అక్కడి నీళ్ళ గుర్తు ఎలా పడింది? దీనికి జవాబు తెలియాలంటే ముందు పంటి పై పొర ఎలా తయారవుతుందో తెలియాలి.

పంటి పైన ఉండే గట్టి పొరను ఎనామిల్ లేదా పింగాణి పొర అంటారు. మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది ఇదే. ఇందులో ఎక్కువ భాగం హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు. దాని ఫార్ములా Ca₁₀(PO₄)₆(OH)₂. మనం తీపి తిన్నప్పుడు నోట్లోని బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పంటి దగ్గర పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఈ స్ఫటికం కరగడం మొదలవుతుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు స్ఫటికంలోని OHను, ఫాస్ఫేటును లాగేసుకుంటాయి, కాల్షియం వదులై బయటికి పోతుంది. కాసేపటికి లాలాజలం ఆమ్లాన్ని తగ్గించి కాల్షియం, ఫాస్ఫేట్‌లను తిరిగి తెచ్చి పెడుతుంది. ఈ పోవడం, రావడం రోజూ జరుగుతూనే ఉంటుంది.

ఆ తిరిగి కట్టే సమయంలో నోట్లో కొంచెం ఫ్లోరైడ్ ఉంటే, OH ఉండాల్సిన చోట్లలో కొన్నిటిలో F కూర్చుంటుంది. అన్ని చోట్లా అలా మారితే దాని ఫార్ములా Ca₁₀(PO₄)₆F₂ అవుతుంది. అదే ఫ్లోరపటైట్. నిజానికి మన పళ్ళలో అన్నీ మారవు, పై పొరలో కొన్ని మాత్రమే మారతాయి. ఫ్లోరైడ్ అయాన్ OH కంటే చిన్నది, గుండ్రనిది. అందుకే కాల్షియం అయాన్ల మధ్య చక్కగా ఇమిడిపోతుంది, స్ఫటికం బిగుతుగా తయారవుతుంది. ఫ్లోరపటైట్ కరగాలంటే పీహెచ్ సుమారు 4.5 దాకా దిగాలి. పేస్టులో ఫ్లోరైడ్ వేసేది ఇందుకే. ఇది బయటికి వచ్చేసిన పంటికి జరిగే మేలు.

ఇంకా చిగురు లోపల తయారవుతున్న పంటి సంగతి వేరు. శాశ్వత ముందు పళ్ళ ఎనామిల్ బిడ్డ పుట్టిన కొద్ది నెలలకే దవడ లోపల మొదలై నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. దాన్ని కట్టేవి అమెలోబ్లాస్టులు అనే కణాలు. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద చెక్కలు పెట్టి, గట్టిపడ్డాక తీసేస్తారు కదా, ఈ కణాలు కూడా అలాగే చేస్తాయి. ముందు అమెలోజెనిన్ అనే ప్రోటీన్‌తో ఒక చట్రం వేస్తాయి. అందులో సన్నని స్ఫటికాలు పెరుగుతాయి. తర్వాత ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేసి తీసేస్తాయి. ఖాళీ అయిన చోటంతా స్ఫటికాలు లావెక్కి నిండిపోతాయి.

ఈ సమయంలో బిడ్డ ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళితే ఆ ప్రోటీన్‌ను తీసేసే పని ఆలస్యమవుతుంది. చెక్కలు తీయకముందే పని ముగించినట్టు అవుతుంది. పైన పలుచటి గట్టి పొర ఉన్నా దాని కింద సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. వాటిలో వెలుతురు చెదిరిపోవడం వల్ల పన్ను సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. పన్ను బయటికి వచ్చాక టీ, కూరల రంగులు ఆ రంధ్రాల్లోకి దిగి గోధుమ రంగు వస్తుంది. మరీ ఎక్కువైతే ముక్కలు రాలి గుంటలు పడతాయి. ఇలాంటి పంటిలో మామూలు పంటి కంటే ఫ్లోరైడ్ ఎక్కువే ఉంటుంది. అయినా బలం ఉండదు, ఎందుకంటే లోపం స్ఫటికంలో లేదు, స్ఫటికాల మధ్య నిండని ఖాళీల్లో ఉంది. పన్ను బయటికి వచ్చేసరికి అమెలోబ్లాస్టులు ఉండవు కాబట్టి వచ్చి బాగుచేసేవాళ్ళు లేరు. నా పళ్ళు ఏడో ఏట కనిపించాయి గానీ, అవి తయారైంది ఊళ్ళోనే.

అమ్మానాన్నలు కూడా అవే నీళ్ళు తాగారు కదా అని కొందరు అడుగుతారు. ఒక చిన్న లెక్క చూద్దాం. నీళ్ళలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. 60 కిలోల మనిషి 2 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువుకు 0.1. 12 కిలోల రెండేళ్ళ బిడ్డకు పాలలో కలిపినవీ తాగినవీ కలిపి ఒక లీటరు అయితే 3 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 0.25. బిడ్డకు రెండున్నర రెట్లు పడింది, అదీ పళ్ళు తయారయ్యే వయసులో. ఎనిమిదేళ్ళు దాటాక కొత్తగా పంటి మీద మచ్చలు పడవు. కానీ ఏళ్ళ తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే పెద్దవాళ్ళకైనా ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదు, వేరే నీళ్ళు దొరకకపోతే 1.5 వరకు ఉండవచ్చు.

మా వైపు ఇది కొత్త జబ్బు కాదు. 1937లోనే డాక్టర్లు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని రాశారు. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. నల్లగొండ సంగతి అందరికీ తెలుసు. మనకు దగ్గరగా ఉన్న కోలారులో కూడా ఇదే బాధ. ఇవన్నీ గ్రానైట్ రాళ్ళ నేలలు. వానలు తక్కువ, బోర్లు లోతు. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్ళలో ఫ్లోరైడ్ కరుగుతుంది. దానికి రంగు, రుచి, వాసన ఉండవు.

గార పళ్ళను గుర్తుపట్టడం కష్టం కాదు. కుడివైపు పంటికి ఉన్నట్టే ఎడమవైపు జత పంటికీ ఉంటుంది, చారలు అడ్డంగా ఉంటాయి. ఒక్క పంటికే మచ్చ ఉంటే దెబ్బో, పుచ్చో అయ్యుండవచ్చు. గుట్కా, వక్క మరకలు పైపైన ఉంటాయి, డాక్టరు శుభ్రం చేస్తే పోతాయి. గారను మాత్రం బొగ్గు, ఉప్పు, ఇటుక పొడితో రుద్దితే మంచి ఎనామిల్ కూడా అరిగిపోతుంది. పళ్ళ డాక్టరు పై పొరను సన్నగా తీసి గానీ, మీద పంటి రంగు పూత వేసి గానీ మచ్చ కనబడకుండా చేయగలరు.

మా పిన్ని ఇప్పటికీ ఊళ్ళోనే ఉంటుంది. ఆమె బాబుకు పదకొండు నెలలు. నీళ్ళు కాచి చల్లార్చి పడుతున్నాం కదా అంటుంది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి ల్యాబ్‌లో పరీక్ష చేయించమని, అంతవరకు బాబుకు ఆర్ఓ నీళ్ళే పట్టమని అమ్మ చేత ఫోన్ చేయించాను. వాడు పేస్టు వాడే వయసు వచ్చినప్పుడు మూడేళ్ళ దాకా బియ్యపు గింజంత, తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు, ఉమ్మడం నేర్పాలి అని కూడా చెప్పించాను. వాడి ముందు పళ్ళు బయటికి రావడానికి ఇంకా ఆరేళ్ళు ఉంది. అవి తయారవుతున్నది మాత్రం ఇప్పుడే.