తేలిక పుస్తకమే సరైన మెట్టు

ఇంగ్లీషు ఓ మాదిరిగా వచ్చినవాళ్లు చాలామంది నేరుగా పెద్ద నవల పట్టుకుని, పది పేజీలకే పక్కన పెట్టేస్తారు. లోపం పట్టుదలలో లేదు, లెక్కలో ఉంది. పేజీకి 250 మాటలనుకుందాం. నూటికి పది తెలియకపోతే 25 చోట్ల ఆగాలి, కథ తెగిపోతుంది. నూటికి రెండే తెలియకపోతే ఆగేది ఐదు చోట్లే. వాటిలో కొన్నింటి అర్థం చుట్టూ ఉన్న వాక్యాలే అందిస్తాయి. సాయం లేకుండా కథ అర్థం కావాలంటే సుమారు 98 శాతం మాటలు తెలిసుండాలని 2000లో హు, నేషన్‌ల పరిశోధన సూచించింది. స్థాయిలవారీ కథల పుస్తకాల కిటుకు ఇదే: ఒక్కో మెట్టులో వాడే మాటలకు హద్దు ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ అనే పుస్తకాల వరుసలో మొదటి మెట్టుకు 400 మూలపదాలు, ఆరోదానికి 2500.

తెలిసిన మాటలే చదివితే కొత్తగా వచ్చేదేమిటని అడగవచ్చు. మాట తెలియడం వేరు, దాని నడక తెలియడం వేరు. తెలుగులో లేని ‘ఎ’, ‘ద’ల సంగతే చూడండి. ‘ఎ మ్యాన్’గా కథలోకి వచ్చినవాడు మరుసటి వాక్యంలో ‘ద మ్యాన్’ అవుతాడు. ఇది వందలసార్లు కళ్లబడితే, సూత్రం గుర్తుకు రాకముందే తప్పు చెవికి తగులుతుంది. ఒకసారి చూసిన మాట మాత్రం నిలవదు. అందుకే ఒకే మెట్టులో అనేక పుస్తకాలు చదవాలి. మాట్లాడటం దీనితోనే రాదు, దానికి వేరే సాధన కావాలి.

ఏదో ఒక పేజీ తెరవండి. తెలియని మాటలు ఐదు దాటితే, సంకోచించకుండా ఒక మెట్టు దిగండి.