మైకు వెనక పెద్దనాయిన

పోయిన కార్తీకంలో మా పెద్దనాయిన కాలం చేశాడు. సోలాపూర్‌లో నలభై ఏండ్లు టవల్ మగ్గాల మీద పనిచేసిన మనిషి. ఫోటో దిగుమంటే పక్కకు తప్పుకునేవాడు. పదో దినానికి గోడకు పెట్టడానికి ఇంట్లో ఒక్క మంచి ఫోటో దొరకలేదు. నేను సాయంత్రాలు ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తాను కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది.

దొరికింది ఒక్కటే. బోనస్ మీటింగులో మాట్లాడుతుండగా తీసింది. కండ్లు ఎంత బాగా పడ్డాయో! కానీ చేతిలోని మైకు పెదవులను, గడ్డాన్ని కప్పేసింది. మెడలో ఐడీ కార్డు రిబ్బన్ వేలాడుతోంది.

రిబ్బన్ పెద్ద కష్టం కాదు. దాని కింద ఉన్నది చొక్కా గుడ్డే, అదే గుడ్డ పక్కన కనబడుతూనే ఉంది. ఫోటోషాప్‌లో క్లోన్ స్టాంప్ తీసుకుని, పక్కనున్న చారను అదే వరుసలో రిబ్బన్ మీదికి తెచ్చాను. చార వంకర పోకుండా చూసుకుంటే చాలు. కార్డుతో పాటు గుడ్డ మీద పడిన దాని నీడను కూడా తీశాను. నీడ మిగిలితే అక్కడ ఏదో ఉండేదని చూసినోళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

మైకు అట్ల కాదు. దాని వెనక పెదవులు ఎట్లున్నాయో ఆ ఫోటోలో ఎక్కడా లేదు. లేనిదాన్ని ఏ బ్రష్షూ బయటికి తీయలేదు. అదే మనిషి మరో ఫోటో నుంచి అరువు తెచ్చుకోవాల్సిందే. మా అక్క పెండ్లి ఆల్బమ్‌లో పెద్దనాయిన నవ్వుతున్న ఫోటో ఉంది. ఆ నోటిని తెచ్చి అతికించాను. అతుకు ఎక్కడా కనబడలేదు. సంతోషంగా పెద్దమ్మకు చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. "బిడ్డా, ఈయన మీ పెద్దనాయిన కాదు. ముందు పన్ను పోయి ఆరేండ్లయింది గదా" అన్నది.

పెండ్లి నాటికి ఆ పన్ను ఉండె. నేను గమనించలేదు. మళ్లీ చూస్తే ఇంకో తప్పు కూడా కనబడింది. మనిషి నవ్వితే చెంపలు పైకి లేస్తాయి, కండ్ల కింద ముడతలు పడతాయి. ఇక్కడ నోరు నవ్వుతోంది, కండ్లు మాత్రం బోనస్ అడుగుతున్నాయి.

మీటింగు ఫోటోలు తీసినాయన ఇంటికి పోయాను. ఫోటోగ్రాఫర్లు ఒక్క క్లిక్‌తో ఆగరు. వరుసగా తీసి, బాగున్నది ఒక్కటే ఇస్తారు. మిగతావి కార్డులో ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకటి, ఎవరో ప్రశ్న అడిగితే పెద్దనాయిన మైకు దించి వింటున్నది. అదే రోజు, అదే లైటు, అదే వయసు. నోరు మూసుకుని ఉంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుందని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నాను.

ఈ రెండో ఫోటోను మొదటిదాని మీద లేయర్‌గా పెట్టి, సగం పారదర్శకం చేశాను. కండ్ల మూలలు, ముక్కు కొన ఒకదాని మీద ఒకటి వచ్చేదాకా కొద్దిగా తిప్పి, కొద్దిగా పెంచాను. తర్వాత మాస్క్ వేసి, నోరు, గడ్డం మాత్రమే కనబడనిచ్చాను. అతుకును చెంప నున్నటి చోట పెట్టలేదు. ముక్కు పక్క నుంచి దిగే ముడతలో, దవడ కింది నీడలో దాచాను. చివరి సన్నని గీతల మీద మాత్రం హీలింగ్ బ్రష్ వాడాను. దాన్ని మైకు అంచు మీదనే రుద్దితే ఆ నలుపు చర్మంలోకి పాకి మరక పడుతుంది. అందుకే ముందు నలుపంతా పోవాలి.

ఇక మైకు పట్టుకున్న చెయ్యి. మైకు పోతే పిడికిలి గాలిలో ఖాళీగా మిగులుతుంది. దాన్ని మార్చే ప్రయత్నం చేయలేదు. ఛాతీ పైభాగం దాకానే ఉంచి కింద కోసేశాను. పెద్ద ప్రింటు తీసే ముందు 4x6 సైజులో ఒకటి తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఈసారి ఆమె నన్ను చూడలేదు. ఫోటోనే చూస్తూ, "ఎవరో ఏదో అడిగితే ఇట్లనే ఇంటుండె" అన్నది.

అదే 12x18లో గోడకు పెట్టాం. మైకు ఉన్న అసలు ఫోటోను మాత్రం చెరపలేదు. మీటింగు గురించి ఎవరైనా అడిగితే అదే ఇస్తాను. ఆ రోజు ఆయన నిజంగా మైకు పట్టుకునే మాట్లాడాడు. మీ ఇండ్లలో ఇట్లాంటి పని పడితే, దాన్ని చేసేటాయనకు ఒక్క ఫోటో ఇచ్చి ఊరుకోకండి. ఆ రోజు తీసినవన్నీ అడిగి తెచ్చి ఇవ్వండి. పని అయినాక, ఆ మనిషితో కలిసి బతికినోళ్లకు ముందు చూపించండి.