ముప్ఫై ఒకటి ఉన్నా లేనట్టే!

సంక్రాంతి ముందురోజు ఒకాయన మా కొట్టుకొచ్చి, వాళ్ల నాన్నగారికి 40 సైజు నీలం చొక్కా అడిగారు. కంప్యూటర్‌లో ఆ రకం 31 ఉన్నాయి. అరలన్నీ దింపినా నీలంలో 38, 42 తప్ప 40 లేదు! ఆయన వట్టిచేతులతో వెళ్లిపోయారు.

ఆ రాత్రే మా అబ్బాయి లెక్క మార్చాడు. గుడ్డ రకం, ఉతికే పద్ధతి లాంటి వివరాలు ఒక్కచోటే రాశాడు. వాటి కింద 3 రంగులు, 4 సైజులకు 12 కోడ్‌లు. దేని నిల్వ దానిదే. "ఎవరైనా 38 తిరిగిచ్చి 40 తీసుకుంటే మొత్తం మారదు నాన్నా, అర మారిపోతుంది. అందుకే ఒకటి కలపాలి, ఒకటి తీసెయ్యాలి" అన్నాడు.

ఇప్పుడు నీలం 40 రెండుకి దిగగానే తెప్పిస్తున్నాను. ఆయన మాత్రం మళ్లీ రాలేదు.