ఒకే రోజున దాహన్, అమావాస్య

సింగపూర్‌లో జీతాల సాఫ్ట్‌వేర్ రాసే రోజుల్లో, రాబోయే ఏళ్ల చైనా కొత్త సంవత్సరాది సెలవుల పట్టిక తయారుచేసే పని నాకు పడింది. 2034 దగ్గర నా ప్రోగ్రాం జనవరి 20 అంది. పక్క సీటులోని చైనీస్ సహోద్యోగి ఇంటినుంచి తెచ్చిన పంచాంగంలో ఫిబ్రవరి 19 అని ఉంది. నెల రోజుల తేడా!

సూత్రం నాకు తెలుసు. శీతకాలపు అయనాంతం పడిన నెల వాళ్లకి ఎప్పుడూ పదకొండో నెల. దాని తర్వాతి రెండో అమావాస్య రోజున, పాడ్యమి దాకా ఆగకుండా, కొత్త ఏడాది మొదలవుతుంది. మధ్యలో అధికమాసం వస్తే మూడో అమావాస్య.

అధికమాసం గుర్తూ మనకు పరిచయమైనదే. సూర్యుడు ముప్పై డిగ్రీలు జరిగినప్పుడల్లా ఒక ఝోంగ్‌చీ. అది మన సంక్రాంతి లాంటిదే, కాకపోతే సాయన లెక్క. అందుకే మన మకర సంక్రాంతి జనవరి మధ్యకు జరిగినా, వాళ్లది అయనాంతం మీదే నిలిచింది. ఒక అయనాంతం నెల నుంచి మరుసటి ఏడాది అయనాంతం నెల వరకు పదమూడు నెలలు వస్తే, వాటిలో ఝోంగ్‌చీ లేని మొదటి నెల అధికం.

2033 అయనాంతం బీజింగ్ సమయం ప్రకారం డిసెంబరు 21 రాత్రి. మర్నాడు తెల్లవారుజామున అమావాస్య. ఆ తర్వాతి అమావాస్య జనవరి 20 సాయంత్రం ఆరు గంటలకు. దాహన్ అనే ఝోంగ్‌చీ అదే రోజు పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో. పంచాంగం ఎరిగిన ఇంట్లో పుట్టినవాణ్ణి, ఘడియలు పోల్చాను. దాహన్ అమావాస్యకు ముందే వచ్చింది కనుక పాత నెలకే చెందుతుంది, ఆ నెల అధికం కాదు అనుకున్నాను. తప్పు అక్కడే జరిగింది. చైనా లెక్కలో ఘడియలు పోల్చరు, రోజులు పోలుస్తారు. అమావాస్య పడిన రోజంతా, అర్ధరాత్రి నుంచి, కొత్త నెలదే. పొద్దున వచ్చిన దాహన్ కూడా దానిదే. దాంతో డిసెంబరు 22న మొదలైన నెలకు ఝోంగ్‌చీ మిగల్లేదు. అది అధిక పదకొండో నెల అయింది, కొత్త ఏడాది మూడో అమావాస్యకు, ఫిబ్రవరి 19కి జరిగింది.

ఫిబ్రవరి 19న మొదలైన నెలకూ ఝోంగ్‌చీ లేదు. మార్చి 20న అమావాస్య, విషువం కలిసి వచ్చాయి. కానీ మొదటిది దొరికాక రెండోదాన్ని అధికంగా లెక్కపెట్టరు. 2033 ఆగస్టు చివర మొదలయ్యే నెలకూ ఝోంగ్‌చీ లేదు. 2032, 2033 అయనాంతం నెలల మధ్య పన్నెండు నెలలే ఉన్నాయి కనుక అదీ అధికం కాదు. 1990ల ముందు అచ్చయిన పట్టికలు దాన్నే అధిక ఏడో నెలగా చూపాయి. అలా పెడితే అయనాంతం పదో నెలలో పడుతుంది.

సరిదిద్దడం ఒక్క వరుసే. పోల్చే ముందు ప్రతి క్షణాన్నీ బీజింగ్ రోజుగా మార్చాలి:

```
day = floor(jd + 0.5 + 8/24)
```

ఆ `8/24` మరిస్తే డిసెంబరు అమావాస్య గ్రీన్‌విచ్ లెక్కన 21నే పడి అయనాంతాన్ని తనలో కలిపేసుకుంటుంది. అప్పుడు దాని తర్వాత అధికమాసమే రాదు. జవాబు ఫిబ్రవరి 18 అవుతుంది, చూడ్డానికి సరైనదానికి చాలా దగ్గరగా ఉండి. అందుకే నా పరీక్షల్లో 2034ను ముందు వరుసలో పెట్టాను.