కుదరలేదు, వీలుపడలేదు, రాలేకపోయాను

మన తెలుగులో ఒక సదుపాయం ఉంది. "కుదరలేదు" అంటాం. ఎవరికి, ఎందుకు కుదరలేదో చెప్పక్కర్లేదు. "వీలుపడలేదు" కూడా అంతే. ఆ వీలు ఎక్కడో జారి పడిపోయినట్టు, మన చేతిలో ఏమీ లేనట్టు. "రాలేకపోయాను" అంటే వద్దామనే అనుకున్నాను, ఏదో శక్తి కట్టి పడేసిందని. ఉద్యోగస్తుల ఇళ్లలో ఆ శక్తి పేరు ఎప్పుడూ ఒకటే. ఆఫీసు.

మా అమ్మాయి పెళ్లికి మా తమ్ముడు రాలేదు. వాడు థర్మల్ పవర్ ప్లాంటులో ఇంజనీరు. ఒక్కడే తమ్ముడు, అంటే పిల్లకి సొంత మేనమామ ఒక్కడే. గౌరీపూజ అయ్యాక పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామే కదా. చుట్టాల్లో ఎవరు రాకపోయినా భోజనాల హడావిడిలో తెలియదు. మేనమామ రాకపోతే మాత్రం గంప దగ్గర అందరికీ తెలిసిపోతుంది.

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ చేశాడు. "అక్కా, నేను పెళ్లికి రావడం లేదు. రాత్రికి బయల్దేరతానేమోనని ఎదురుచూడకండి. గంపకి ఇంకెవర్నయినా చూసుకోండి" అన్నాడు. ముందు చెవులు మూసుకుపోయినట్టయింది. ఆ తర్వాత కోపం వచ్చింది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట అంత మొండిగా చెప్పడమే నయమైంది. "చూస్తా అక్కా, ట్రై చేస్తున్నా" అని నాన్చి ఉంటే తెల్లవారుజాము ముహూర్తం దాకా వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. మధ్యాహ్నమే తెలిసింది కాబట్టి మా పెదనాన్నగారి అబ్బాయికి చెప్పాను. అతనూ పిల్లకి మేనమామ వరసే. తమ్ముడి కోసం కొన్న పట్టుపంచె అతనే కట్టుకున్నాడు, గంప అతనే పట్టాడు.

పెళ్లిలో మా మరదలు పిల్లల్ని తీసుకుని వచ్చింది. పాపం, అడిగిన ప్రతివాళ్లకీ "ఆయన ఉద్యోగం అలాంటిదండీ, సెలవు దొరకదు" అని చెప్పుకుంటూ తిరిగింది. నా దగ్గరా అదే అంది, "ఏం చెయ్యమంటారు వదినా, ఆ ఉద్యోగమే అంత" అని. దానికి నేనేమనాలి? "పర్లేదులే అమ్మా, అన్నం తిన్నావా" అన్నాను. ఉద్యోగం మీదకి తోసేస్తే ఇదీ ఇబ్బంది. బాధపడ్డ మనిషే ఎదుటివాళ్లని ఓదార్చాల్సి వస్తుంది. కోప్పడితే మనమే గుండె లేనివాళ్లం, ఎందుకంటే వాడక్కడ నిద్ర లేకుండా కష్టపడుతున్నాడు కదా!

తమ్ముడు పెళ్లయిన మూడో రోజు వచ్చాడు, ఒక్కడే. బ్యాగు వరండాలో పెట్టి తిన్నగా పిల్ల దగ్గరికి వెళ్లాడు. అప్పుడు అది సత్యనారాయణ వ్రతానికని అల్లుడితో కలిసి మా ఇంట్లోనే ఉంది. నేను వంటింట్లో ఉన్నాను, మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"గంపలో నిన్ను తీసుకురావాల్సింది నేను. రాలేదు. నీ పెళ్లి ఫోటోల్లో నేనుండను, అది ఇంక మారదు. తప్పు నాదే" అన్నాడు.

అంతే. సెలవు మాట లేదు, పైఆఫీసరు మాట లేదు. అది కాసేపటికి, "నాకు చాలా కోపంగా ఉంది మామయ్యా. గంపలో కూర్చున్నాక కూడా వస్తావేమో అనుకున్నా" అంది. వాడు "ఉండాలి మరి" అన్నాడు. "ఇప్పుడు పోయిందా కోపం" అని అడగలేదు. నాకు అది బాగా నచ్చింది. మనలో చాలామంది క్షమాపణ చెప్పిన మరుక్షణం రసీదు అడుగుతాం, "ఏమీ అనుకోవట్లేదుగా?" అని. అనుకుంటున్నానని ఎవరైనా ఎలా చెప్తారు?

బహుమతీ తేలేదు. మేనమామ పెట్టాల్సిన మెట్టెలు, చీర ముందే మరదలి చేత పంపాడు. దానిపైన గొలుసో ఉంగరమో తెచ్చి ఉంటే పిల్ల దాన్ని వేసుకున్నప్పుడల్లా ఇది రాకపోయినందుకు ఇచ్చింది అనుకునేది.

తర్వాత నా దగ్గర కూర్చున్నాడు. "నా వల్ల నీకు వియ్యాలవారి ముందు మాట వచ్చింది" అన్నాడు. నిజమే, వచ్చింది. పెళ్లికొడుకు మేనత్త ఒకావిడ "తోడబుట్టినవాడు కూడా లేడా?" అని అడిగింది. ఆ సంగతి నేను వాడికి చెప్పలేదు. నేనేం పడి ఉంటానో వాడే ఊహించుకుని వచ్చాడు. నాకు "సారీ" కంటే అదే కావాల్సింది. మా అమ్మని ఎంతమంది "నీ కొడుకేడమ్మా" అని అడిగి ఉంటారో కూడా తల్చుకున్నాడు. ఆ సాయంత్రమే మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటికి వెళ్లి, "అన్నయ్యా, నేను చెయ్యాల్సింది నువ్వు చేశావు" అని చెప్పి వచ్చాడు. మనం రాని చోట మన పని ఎవరో ఒకరు చేసి ఉంటారు కదా. సాధారణంగా వాళ్లెవరికీ గుర్తుండరు.

ఇంతవరకూ బాగానే ఉంది. రాత్రి భోజనాల దగ్గర మావారు అడిగారు, "అసలేమైందోయ్?" అని. అడిగారు కాబట్టి చెప్పాడు. బాయిలర్‌లో ట్యూబు కారి యూనిట్ ఆపేశారట. బాయిలర్ చల్లారాలి, మనుషులు లోపలికి దిగి పాడైన ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి, నీళ్లు నింపి ప్రెజర్ పరీక్ష చెయ్యాలి, అప్పుడు మళ్లీ వెలిగించాలి. రెండు మూడు రోజుల పని.

"సెలవు క్యాన్సిల్ చేశారా?" అన్నారు మావారు.

అక్కడ తలూపేస్తే అయిపోయేది. "లేదు బావగారూ. వెళ్లమనే అన్నారు. ఇంకో ఇంజనీరు ఉన్నాడు కానీ కొత్తవాడు. వదిలి రావడానికి నాకే మనసొప్పలేదు. నేనే ఉంటానన్నాను" అన్నాడు.

మా అమ్మ పెరుగు వడ్డిస్తోంది. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఇంకొకడు ఉన్నాడా అయితే?" అంది. "ఉన్నాడమ్మా" అన్నాడు. అమ్మ ఇంకేమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు వాడితో ముభావంగానే ఉంది.

తర్వాత మరదలు ఫోన్‌లో గొడవపడింది, "ఆ మాట చెప్పకపోతే ఏం పోయేది వదినా, నేను అందరికీ సెలవు దొరకలేదని చెప్పాను కదా" అని. ఆవిడ బాధ ఆవిడది, నలుగురిలో ఆవిడ మాట పోయింది. అందుకు కూడా వాడు ఆవిడకి చెప్పుకోవాల్సి వచ్చింది. కానీ నాకు మాత్రం, సెలవు దొరకలేదన్న కబురు మూడు రోజులు విన్నా చల్లారని కోపం, "నేనే ఉంటానన్నాను" అన్నాక తగ్గింది. ఎందుకంటే పవర్ ప్లాంటు మీద ఎంతసేపని కోప్పడతాం? తమ్ముడి మీదయితే కోప్పడొచ్చు, మళ్లీ మాట్లాడొచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతిసారీ ఉద్యోగమే కారణమైతే కొన్నాళ్లకి ఇంట్లో "వాడెలాగూ రాడులే" అని పిలుపు కూడా మొక్కుబడిగా పిలుస్తారు. మా చిన్న మావగారి ఇంట్లో అలాగే అయింది. ఆ అబ్బాయికి ఇప్పుడు ముహూర్తాలు పెట్టాక చెప్తారు.

పదహారు రోజుల పండక్కి తమ్ముడు రెండు రోజుల ముందే వచ్చాడు. నల్లపూసలు గుచ్చుతుంటే పిల్ల పక్కన కూర్చుని పెళ్లి వీడియో మొత్తం చూపించమన్నాడు. గంప ఘట్టం వచ్చేసరికి అది ముందుకి జరపబోయింది. "వద్దు, ఉండనీ" అన్నాడు. ఇద్దరూ చూశారు. "పెద్ద మామయ్య చెయ్యి వణికింది తెలుసా, నేను పడిపోతాననుకున్నా" అని అది నవ్వింది. అమ్మ లోపల్నుంచి కాఫీ పంపింది. వాడి గ్లాసులో పంచదార తక్కువ, వాడికి ఎలా ఇష్టమో అలాగే.